ల్యాప్‌టాప్ ఎవరి పేర ఉంది, టోనర్ ఎన్ని పేజీలు తీసింది?

2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక గార మండలం శ్రీకూర్మం లాంటి ఊళ్లలో కూడా ప్రభుత్వ పని కంప్యూటర్, ప్రింటర్ మీదికి మళ్లింది. సామాన్ల లెక్క మాత్రం చాలా కార్యాలయాల్లో కుర్చీలు, బీరువాలు రాసుకున్న పాత పద్ధతిలోనే నడుస్తోంది. బీరువా పదేళ్లయినా ఉన్నచోటే ఉంటుంది. ల్యాప్‌టాప్ మనిషి వెంట తిరుగుతుంది, టోనర్ వాడేకొద్దీ అయిపోతుంది. అందుకే ఒకదానికి మనిషి లెక్క కావాలి, రెండోదానికి వాడకం లెక్క కావాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) కూడా స్థిర ఆస్తులకు జీఎఫ్‌ఆర్ 22, వాడి పారేసే సరుకుకు జీఎఫ్‌ఆర్ 23 అని రెండు వేర్వేరు రిజిస్టర్లు పెట్టాయి.

ముందు ల్యాప్‌టాప్ సంగతి. దాని ట్యాగ్ మీద గది పేరు, ఉద్యోగి పేరు, హోదా ఏదీ ఉండకూడదు. అవన్నీ మారేవే. IT-0014 లాంటి వట్టి వరుస సంఖ్య చాలు, మిగతా వివరాలు రిజిస్టర్‌లో ఉంటాయి. సముద్రం దగ్గరి ఊళ్ల తేమకు కాగితం స్టిక్కర్ ఊడిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ లేబుల్ వాడాలి. అదీ ఊడవచ్చు, ఊడదీసి వేరే మిషన్‌కు అంటించనూ వచ్చు. కాబట్టి ట్యాగ్ పక్కన కంపెనీ సీరియల్ నంబర్ తప్పక రాయాలి. విండోస్ పవర్‌షెల్‌లో ఈ ఒక్క లైను కొడితే మిషన్ తన నంబర్ తానే చెబుతుంది:

```
(Get-CimInstance Win32_BIOS).SerialNumber
```

తెర మీద వచ్చిన నంబర్, రిజిస్టర్‌లోని నంబర్ ఒకటి కాకపోతే స్టిక్కర్ సరిగ్గానే కనిపిస్తున్నా వస్తువు మారినట్టు అనుమానించాలి. రిపేరుకు పంపినప్పుడు మదర్‌బోర్డు మార్చినా నంబర్ మారవచ్చు. అందుకే సర్వీసు రసీదు కూడా చూడాలి.

కస్టోడియన్ అంటే ఆ వస్తువుకు జవాబు చెప్పాల్సిన మనిషి. ‘డిజిటల్ అసిస్టెంట్’ అని హోదా రాసి ఊరుకుంటే, బదిలీల తర్వాత అది ఎవరి చేతిలో ఉండగా పోయిందో తేలదు. పేరు, తీసుకున్న తేదీ, సంతకం, తిరిగి ఇచ్చిన తేదీ ఉండాలి. పాత పేరు కొట్టేయకుండా కింద కొత్త వరుస రాయాలి. లెక్క ఎక్కువగా తెగేది బదిలీ రోజునే. రిలీవ్ చేసే ముందే చార్జర్‌తో సహా అప్పగింత పూర్తి కావాలి. మనిషి వేరే మండలానికి వెళ్లిపోయాక సంతకం రాబట్టడం కష్టం.

ఇక టోనర్. ఒక్కో కార్ట్రిడ్జ్‌కు ట్యాగ్ వేసి లాభం లేదు. ఏ ప్రింటర్‌కు, ఏ రోజు, ఎవరికి ఇచ్చారో రాసి, ఆ క్షణాన ప్రింటర్‌లోని మొత్తం పేజీల సంఖ్య పక్కన వేయాలి. కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీస్తే ఆ సంఖ్య దొరుకుతుంది. ఉదాహరణకు హెచ్‌పీ 88ఏ కార్ట్రిడ్జ్ తీసుకుందాం. కంపెనీ లెక్క ప్రకారం అది సుమారు 1,500 పేజీలు ఇస్తుంది. ఒక మూడు నెలల్లో కౌంటర్ 41,200 నుంచి 46,900కు వెళ్లిందనుకోండి. 5,700 పేజీలకు నాలుగు చాలాలి. రిజిస్టర్‌లో ఆరు ఇచ్చినట్టు ఉంటే మిగతా రెండింటికి కారణం వెతకాలి.

వెంటనే దొంగతనం అనుకోనక్కర్లేదు. కంపెనీ లెక్క పేజీలో ఐదు శాతం మేర మాత్రమే సిరా పడుతుందన్న అంచనా మీద వేసింది. ఫొటోలున్న ఆధార్ నకళ్లు, నల్లటి జిరాక్సులు ఎక్కువ తాగేస్తాయి. రీఫిల్ చేసినది సగంలోనే ఆగవచ్చు. అందుకే ఖాళీ కార్ట్రిడ్జ్ తెస్తేనే కొత్తది ఇవ్వాలి. ఆరు ఖాళీలు చేతికొచ్చాయంటే వాడకమో నాణ్యతో ఎక్కడో తేడా ఉంది. నాలుగే వస్తే రెండు కొత్తవి ఈ ప్రింటర్‌లోకి ఎక్కనే లేదని అనుమానించాలి.

పాడైన వస్తువును మూల గదిలో పడేస్తే లెక్క ముగిసినట్టు కాదు. పనికిరాదని సాంకేతిక నివేదిక, అధికారి కండెమ్ ఉత్తర్వు, డిస్క్ చెరిపిన ధ్రువీకరణ, సీరియల్ నంబర్లతో అప్పగింత రసీదు అన్నీ ఉండాలి. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన డిస్క్‌లోని జనం ఆధార్ కాపీలు పోవు. పూర్తిగా చెరపాలి, డిస్క్ పనిచేయకపోతే పగలగొట్టించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల పరిధిలో కార్ట్రిడ్జ్‌లతో సహా ప్రింటర్లూ ఉన్నాయి. వాటిని పాత ఇనుప సామాన్ల వ్యాపారికి కాకుండా నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఆ రసీదు నంబర్ రిజిస్టర్‌లోకి ఎక్కాకే ఆ వరుస ముగుస్తుంది.

ఏడాదికోసారి చేసే తనిఖీ రెండు వైపుల నుంచీ సాగాలి. రిజిస్టర్‌లో కొన్ని వరుసలు ఎంచుకుని ఆ వస్తువులు వెతికితే పోయినవి బయటపడతాయి. గదిలో కొన్ని వస్తువులు ఎంచుకుని వాటి వరుసలు వెతికితే ఎప్పుడూ రాయనివి బయటపడతాయి. మొదటిది మాత్రమే చేసే తనిఖీకి రెండో తప్పు ఎన్నేళ్లయినా కనిపించదు.