రెండున్నర పిక్సెళ్ల చూపు

పెళ్లి వేదిక మీద గ్రూప్ ఫొటో తీసేటప్పుడు ఎదురుగా ఒకే కెమెరా ఉండే రోజులు ఎప్పుడో పోయాయి. ఫొటోగ్రాఫర్ పక్కన వీడియో తీసేవాళ్లు, వాళ్ల పక్కన సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న బంధువులు నిలబడతారు. ‘ఇటు చూడండి’ అని తలా ఒక వైపు నుంచి పిలుస్తారు. పిలిచిన వాళ్లందరి మాటా మన్నించే పెద్దమనిషి ఒకరు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. సరిగ్గా ఫ్లాష్ వెలిగిన క్షణాన ఆయన చూపు మేనల్లుడి ఫోను మీద ఉంటుంది. పదిరోజుల తర్వాత ఆల్బమ్ డిజైనర్ తెర మీద ఆ ఫొటో తెరుచుకుంటుంది. 13 మంది మన కళ్లలోకి చూస్తుంటారు. పెదనాన్న ఒక్కరే ఎటో చూస్తుంటారు. ఇక ఆ ఫొటోలో మన కంటికి ఆనేది ఆయనే.

ఆ తేడా కొలతల్లో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 14 మంది రెండు వరసల్లో ఉన్నారు, ఫొటోలో పట్టిన వెడల్పు 5 మీటర్లు అనుకుందాం. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన ఫొటో అడ్డంగా 6,000 పిక్సెళ్లు ఉంటుంది. అంటే ముఖం మీద ఒక మిల్లీమీటరుకు ఫొటోలో దక్కేది ఒక పిక్సెల్ కన్నా కాస్త ఎక్కువ. పెద్దవాళ్ల నల్లగుడ్డు వెడల్పు దాదాపు 12 మిల్లీమీటర్లు కాబట్టి అది ఫొటోలో 14 పిక్సెళ్లు వస్తుంది. కెమెరా 5 మీటర్ల దూరంలో ఉంది. మేనల్లుడి ఫోను కెమెరాకు మీటరు ఎడంగా, ఫొటోగ్రాఫర్‌కు ఎడమ చేతి వైపు ఉంది. ఆ ఫోనును చూడటానికి పెదనాన్న కన్ను తిరగాల్సింది 11 డిగ్రీలే. అంతమాత్రానికి నల్లగుడ్డు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఫొటోలో అది రెండున్నర పిక్సెళ్లు. ఆల్బమ్‌లో ఈ ఫొటోను 18 అంగుళాల వెడల్పున అచ్చేస్తే నల్లగుడ్డు మొత్తం ఒక మిల్లీమీటరు చిల్లర ఉంటుంది. ఆ చుక్క ఏమాత్రం పక్కకు జరిగినా ఇంటిల్లిపాదీ పట్టేస్తారు.

పట్టేయడానికి కారణం మన తెల్లగుడ్డే. కోతుల్లో, వాలిడుల్లో చాలా జాతులకు కంటి చుట్టూ ఉండే ఆ భాగం ముదురు రంగులో ఉంటుంది, బయటికి కనిపించేదీ తక్కువే. మనిషి తెల్లగుడ్డు అలా కాకుండా తెల్లగా, విశాలంగా బయటపడి ఉంటుందని జపాన్ పరిశోధకులు కొబయాషి, కోషిమా 1997లో ప్రకటించారు. తెలుపు మీద నలుపు కాబట్టి నల్లగుడ్డుకు అటూ ఇటూ ఎంత తెలుపు మిగిలిందో ఎదుటివాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అయితే నల్లగుడ్డును జరిపేస్తే పనైపోతుందా? ఎప్పుడూ కాదు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం హైడ్ వొలాస్టన్ 1824లోనే దీన్ని బొమ్మలతో చూపించాడు. ఒకే జత కళ్లను అలాగే ఉంచి, వాటి కింద ముక్కు, మిగతా ముఖం వేరే వైపు తిరిగినట్టు గీయిస్తే ఆ కళ్లు చూసే దిక్కు కూడా మారిపోయినట్టు కనిపించింది. కళ్లలో ఒక్క గీతా మారలేదు. చూపు ఎటు ఉందో తేల్చేటప్పుడు మనం కంటితోపాటు తల ఎటు తిరిగిందో కూడా కలిపి లెక్క వేసుకుంటామన్నమాట. ఫొటోలు సరిదిద్దే పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఇంకో ఫొటోలో కెమెరాను చక్కగా చూస్తున్న కళ్లను కత్తిరించి, కాస్త పక్కకు తిరిగి ఉన్న ముఖం మీద అతికిస్తారు. కన్ను అందంగానే ఉంటుంది, రంగూ కలుస్తుంది, కానీ చూపు మాత్రం మన చెవి పక్క నుంచి వెళ్లిపోతుంది. ఎక్కడ తేడా కొట్టిందో అతికించినవారికే అంతు పట్టదు.

అందుకే అనుభవం ఉన్న డిజైనర్ ముందుగా చూసేది కన్నును కాదు, ముక్కును. ముక్కు కొనకు రెండు వైపులా బుగ్గలు సమానంగా కనిపిస్తుంటే తల కెమెరా వైపే ఉంది, కళ్లు మాత్రమే తిరిగాయని అర్థం. ఒక బుగ్గ ఎక్కువగా, ఒకటి తక్కువగా కనిపిస్తే తల కూడా తిరిగినట్టు. అప్పుడు కళ్ల జోలికి పోకుండా ముఖం మొత్తాన్ని మార్చడమే దారి. మార్చాలంటే అదే చోట, అదే వెలుగులో తీసిన ఇంకో ఫ్రేము కావాలి.

ఎన్ని ఫ్రేములు తీసి ఉంచుకోవాలి? ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ దీనికి దగ్గరి లెక్క ఒకటి వేశారు. ఎవరూ రెప్ప వేయని ఫొటో ఒక్కటైనా దాదాపు ఖాయంగా దక్కాలంటే, గుంపులో 20 మందికి లోపు ఉన్నప్పుడు, మంచి వెలుగులో అయితే మనుషుల సంఖ్యను 3తో, వెలుగు తక్కువైతే 2తో భాగించి అన్ని ఫొటోలు తీయాలన్నారు. 2006లో ఈ లెక్కకు ఇగ్‌నోబెల్ బహుమతి వచ్చింది. మన 14 మందికి ఆ లెక్కన 5 నుంచి 7 ఫొటోలు. రెప్పపాటు క్షణంలో పోతుంది, పక్కచూపు అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే ఈ అవసరానికి ఫొటోలన్నీ ఒకే గుక్కలో లాగేయకుండా మధ్యలో ఒకసారి ఆగి, అందరినీ పిలిచి మళ్లీ తీయడం మేలు.

ఇంకో ఫ్రేము ఉంటే పని సులువే. ఫొటోషాప్‌లో రెండు ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, రెండింటినీ ఎంచుకుని Edit > Auto-Align Layers నొక్కితే వెనక డెకరేషన్, వేదిక అంచులు ఒకదానికొకటి సరిపోతాయి. మనుషులు మాత్రం అంతగా సరిపోరు. రెండు ఫ్రేముల మధ్య పెదనాన్న ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుని ఉంటారు. అందుకని ఆయన ముఖం ఉన్న ముక్కను విడిగా కాపీ చేసుకుని, రెండు కళ్ల మధ్య దూరం, గడ్డం కొన కింది ఫొటోతో కలిసేలా కొద్దిగా జరిపి, అవసరమైతే ఒకటి రెండు డిగ్రీలు తిప్పాలి. తర్వాత నల్లటి లేయర్ మాస్క్ వేసి, మెత్తటి అంచున్న తెల్ల బ్రష్‌తో కావలసినంత మేర బయటికి తేవాలి. తల తిరగలేదంటే కనుబొమల నుంచి బుగ్గల పైభాగం దాకా చాలు. తిరిగి ఉంటే జుట్టు, చెవులతో సహా తల మొత్తం మార్చి, అతుకును చొక్కా కాలర్ దగ్గర దాచాలి. వరసగా తీసినప్పుడు ఫ్లాష్ పూర్తిగా చార్జ్ కాక రెండో ఫ్రేము ఒక్కోసారి మసకగా వస్తుంది. Curvesతో ముఖం వెలుగును పక్కవాళ్లతో సమానం చేయకపోతే ఆ తల వేరే ఊళ్లో తీసినట్టు ఉంటుంది.

ఉన్నది ఆ ఒక్క ఫొటోయే అయితేనే అసలు పరీక్ష. తల తిన్నగా ఉండి కళ్లు మాత్రమే తిరిగాయని తేలితే, పెదనాన్న నల్లగుడ్లు రెంటినీ ఫొటోలో కుడివైపుకు రెండున్నర పిక్సెళ్లు జరపాలి. రెండు కళ్లకూ ఒకే కొలత. ఐదు మీటర్ల దూరంలోని వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ దాదాపు సమాంతరంగా ఉంటాయి కనుక, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ జరిపితే ఆయనకు మెల్లకన్ను వస్తుంది. నల్లగుడ్డును చుట్టూ రెండు పిక్సెళ్లు వదిలి కొత్త లేయర్ మీదికి కాపీ చేయాలి. పాతచోట నల్లగుడ్డును చెరిపి, పక్కనున్న తెల్లగుడ్డు నుంచే రంగు తీసుకుని క్లోన్ స్టాంప్‌తో పూడ్చాలి. ఆ తర్వాత Free Transformలో X గడికి 2.5 కలిపితే నల్లగుడ్డు కొత్త చోటికి చేరుతుంది. మన వాళ్ల నల్లగుడ్డు ముదురు గోధుమ రంగు కాబట్టి ఇంత దూరపు ఫొటోలో కంటిపాప అందులో కలిసిపోతుంది. లోపలి చారల గొడవ ఉండదు. కష్టమంతా అంచు దగ్గరే. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్య గీత గీసినట్టు ఉండదు, ఒక పిక్సెల్ మేర మెల్లగా కలుస్తుంది. అంచు పదునుగా వదిలేస్తే కన్ను అతికించినట్టే ఉంటుంది.

తెల్లగుడ్డు విషయంలో చేయి తొందరపడకూడదు. పేరుకే తెలుపు. పై రెప్ప నీడ పడి దాని పైభాగం బూడిద రంగులో ఉంటుంది, ముక్కు వైపు మూల ఎర్రబారి ఉంటుంది. స్వచ్ఛమైన తెలుపుతో పూడిస్తే అవి కొండపల్లి బొమ్మ కళ్లవుతాయి. పై రెప్ప మామూలుగా నల్లగుడ్డు పైభాగాన్ని కొంచెం కప్పే ఉంటుంది. జరిపిన తర్వాత కూడా అంతే కప్పి ఉండాలి. నల్లగుడ్డు చుట్టూ పూర్తిగా తెలుపు కనిపించిందంటే ఆ మనిషి ఉలిక్కిపడ్డట్టు ఉంటాడు.

చివరగా కంట్లో మెరుపు చుక్క. అది ఫ్లాష్ దీపం ప్రతిబింబం. ఫ్లాష్ కెమెరా మీదే బిగించి ఉంటే, కెమెరాను చూసేవాళ్లందరి కళ్లలో ఆ చుక్క కంటిపాప నడుమ దగ్గర్లోనే పడుతుంది. గొడుగు దీపం పక్కన పెట్టి ఉంటే అందరి కళ్లలోనూ అది ఒకే పక్కన, పైగా ఉంటుంది. నల్లగుడ్డుతో పాటు పాత చుక్క కూడా కదిలివచ్చి ఉంటుంది. దాన్ని చెరిపి, పక్కన నిలబడ్డ పెద్దమ్మ కళ్లలో అది ఎక్కడుందో చూసి అక్కడే ఒకటి రెండు పిక్సెళ్లతో పెట్టాలి. ఈ ఒక్క చుక్క తప్పితే మిగతా శ్రమంతా వృథా. ఈ పనిలో ఎక్కువ మంది మరిచిపోయేది కూడా దీన్నే.

పని కుదిరిందా లేదా అన్నది 800 శాతం పెద్దది చేసి చూస్తే తెలియదు. అచ్చులో ఎంత ఉంటుందో అంత సైజులో చూడాలి. ఫొటోను అద్దంలో చూసినట్టు అడ్డంగా తిప్పి చూడటం ఇంకో ఉపాయం. అలవాటు పడిన కంటికి అది కొత్త ఫొటోలా కనిపించి, లోపం బయటపడుతుంది. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష, ఏం మార్చారో తెలియని మనిషికి చూపించడం. ఆ మనిషి కళ్లు పెదనాన్న దగ్గర ఆగకుండా అందరి మీదుగా సాగిపోతే పని కుదిరినట్టే.

కొన్ని చూపులను దిద్దనే కూడదు. ఒక పెద్దావిడ కళ్లు రెండూ రెండు వైపులకు ఉన్నాయంటే, ముందు ఆమె మిగతా ఫొటోలు చూడాలి. అన్నిటిలోనూ అలాగే ఉంటే ఆమె చూపే అది. దాన్ని ‘సరిచేస్తే’ ఇంట్లో వాళ్లకు తెలియని మనిషి ఆల్బమ్‌లోకి వస్తుంది. చంకలో పాప పెళ్లికూతురి జడలోని పూలను చూస్తుంటే ఆ చూపును కెమెరా వైపు లాగడం ఫొటోకు నష్టమే. నల్లగుడ్డు కంటి మూలకు పూర్తిగా వెళ్లిపోయినా, రెప్పలు దించి కిందికి చూస్తున్నా, ఇంకో ఫ్రేము లేకుండా నమ్మదగినట్టు దిద్దడం కుదరదు. లేని కంటిని ఊహించి గీయాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఇంకో ఫొటో ఎంచుకోమని ఇంటివాళ్లకు చెప్పడమే నిజాయతీ.

ఇంటివాళ్లు చేయగలిగినదీ ఒకటుంది. ఒక గ్రూపుకు ఒక మంచి ఫొటో ఎంచుకోగానే మిగతా ఫ్రేములు అనవసరమని చెరిపేస్తుంటారు. ఆల్బమ్ అచ్చయి చేతికి వచ్చేదాకా ప్రతి గ్రూపు తాలూకు ఫ్రేములన్నీ ఉంచమని ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి. పెదనాన్న కెమెరాను చూసిన క్షణం వాటిలో ఏదో ఒకదాంట్లో ఉండే అవకాశం ఎక్కువ.