అత్తయ్యా, కాపర్-టీ ఎందుకు వేయించుకున్నానంటే

అత్తయ్యా,

మొన్న ఫోన్లో "నాతో ఒక్క మాటైనా అనకుండా వేయించేసుకున్నావా?" అని బాధపడ్డారు. ముందే చెప్పకపోవడం నా తప్పే. చంటిది ఇప్పుడే నిద్రపోయింది. ఆ రోజు చెప్పలేకపోయినదంతా తీరిగ్గా రాస్తున్నాను.

పెద్దాడు పుట్టినప్పుడు "పాలిస్తున్నన్నాళ్లూ కడుపు రాదులే" అన్నారు మీరు. మా అమ్మా అదే అంది. అది అబద్ధం కాదు గానీ, దానికి మూడు షరతులున్నాయని తర్వాత డాక్టరమ్మ చెప్పారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. తల్లికి నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా నమ్మకం లేదు. మనం ఆరో నెలలో వాడికి అన్నప్రాసన చేశాం, రాత్రిళ్లు డబ్బా పాలు కూడా పట్టాం. నెలసరి రాలేదు కదా అని నేను ధీమాగా ఉన్నాను. కానీ అండం విడుదలైన రెండు వారాలకు గానీ నెలసరి రాదు. అందుకే నెలసరి కనబడకుండానే చంటిది కడుపున పడింది. వాడికప్పుడు తొమ్మిదో నెల. నా రక్తం 8 గ్రాములే ఉంది. ఒక కాన్పు తర్వాత మళ్లీ కడుపుతో అవడానికి కనీసం రెండేళ్లు ఆగాలట. నా ఒంటికి ఆ గడువు దొరకలేదు. ఆ నెలల్లో మెట్లెక్కితే నాకెంత ఆయాసం వచ్చేదో మీరు చూశారు.

"ఇద్దరు పుట్టారుగా, ఆపరేషన్ చేయించుకుంటే పోయేది" అన్నారు. మన వైపు అందరూ చేసేది అదే. కానీ నాకిప్పుడు 23 ఏళ్లు. మూడో బిడ్డ కావాలని కాదు అత్తయ్యా. ఆపరేషన్ శాశ్వతం. గొట్టాలు మళ్లీ కలిపే శస్త్రచికిత్స ఉన్నా, అది ఫలిస్తుందన్న హామీ లేదు. నాకు వేసిన కాపర్-టీ పదేళ్లు పనిచేస్తుంది. వద్దనుకున్న రోజున డాక్టరమ్మతో తీయించేసుకోవచ్చు, మళ్లీ కడుపు రావడానికి అడ్డుండదు. 33 ఏళ్లు వచ్చేదాకా ఆలోచించుకోవచ్చని మీ అబ్బాయీ నేనూ అనుకున్నాం. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ గురించీ చెప్పారు. ఇద్దరు పసివాళ్లతో తేదీ తప్పకుండా వెళ్లగలనన్న నమ్మకం నాకు లేకపోయింది.

ఎనిమిదో నెలలోనే ఆసుపత్రిలో అన్నీ వివరించి, నన్నడిగి సంతకం తీసుకున్నారు. కాన్పై మాయ పడిన పది నిమిషాల్లోపే లోపల పెట్టేశారు. కాన్పులో జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా అప్పుడు వేయరట. అది ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క, దానికి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ రాగి వీర్యకణాలను నీరసింపజేసి అండాన్ని చేరనివ్వదు. అందులో హార్మోన్లు లేవు కాబట్టి పాలు తగ్గవు.

"అది పైకెక్కి గుండెలోకి పోతుందట" అన్నారు. గర్భసంచి నుంచి గుండెకు దారే లేదు అత్తయ్యా. అసలు భయపడాల్సింది వేరే ఉంది. కాన్పవగానే వేసింది కొందరికి మొదటి వారాల్లో జారిపోతుంది. చాలా అరుదుగా, వేసేటప్పుడు గర్భసంచి గోడకు గుచ్చుకుంటుంది. అందుకే ఆరు వారాలకు పరీక్షకు రమ్మన్నారు. గర్భసంచి కుదించుకుని దారం కిందికి దిగితే, డాక్టరమ్మ చూసి కత్తిరించారు. అది కనబడకపోతే స్కానింగ్ తీసేవారట.

నెలసరి మొదలయ్యాక, మొదటి మూడు నుంచి ఆరు నెలలు రక్తస్రావం, నొప్పి కొంచెం ఎక్కువ ఉండొచ్చట. నాకు అసలే రక్తం తక్కువ కాబట్టి ఐరన్ మాత్రలు ఆపొద్దన్నారు. దారం చేతికి తగలకపోయినా, ప్లాస్టిక్ గట్టిగా తగిలినా, జ్వరంతో పొత్తికడుపులో విపరీతమైన నొప్పి వచ్చినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా వెంటనే రమ్మన్నారు. నెలసరి మొదలయ్యాక ఎప్పుడైనా తప్పితే కూడా ఆలస్యం చేయొద్దన్నారు. నూటికి ఒకరి కన్నా తక్కువ మందికే ఇది విఫలమవుతుంది గానీ, అలా వచ్చిన గర్భం గొట్టంలో నిలిచే ప్రమాదం ఉందట.

21వ ఏట మిమ్మల్ని ఆపరేషన్‌కు తీసుకెళ్లినప్పుడు ఎవరూ మిమ్మల్ని అడగలేదని, ఒకసారి అన్నారు. ఆసుపత్రిలో నన్నడిగినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. వచ్చే నెల మీరు వచ్చినప్పుడు మూడో నెల పరీక్ష ఉంది. నాతో రండి. మీ మనసులో ఉన్న ప్రశ్నలన్నీ డాక్టరమ్మను మీరే అడగండి.

మీ కోడలు