చీలిక ఓవెన్‌లోనే మొదలవుతుంది

స్విస్ రోల్ చాలాసార్లు మొదటి మడతలోనే పగులుతుంది. చుట్టినవాళ్ల చేతివాటం బాగాలేదని అనుకుంటారు గానీ, అసలు సంగతి అంతకుముందే తేలిపోయి ఉంటుంది.

స్పాంజ్‌ని చుడితే లోపలి ముఖం నలుగుతుంది, బయటి ముఖం సాగుతుంది. ఒక సెంటీమీటరు మందమున్న స్పాంజ్‌ని అంతే వ్యాసార్ధంతో తిప్పితే, బయటి ముఖం మధ్య పొర కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ సాగాలి. మందం రెండు సెంటీమీటర్లయితే సగం ఎక్కువ సాగాలి. చుట్టు పెద్దదయ్యేకొద్దీ ఈ ఒత్తిడి తగ్గుతుంది. అందుకే మొదటి మడత దగ్గరే ప్రమాదం.

ఆ సాగుడుకి కావాల్సింది తేమ. 4 గుడ్లు, 100 గ్రాముల పంచదార, 100 గ్రాముల మైదాతో 33×23 సెంటీమీటర్ల ట్రేలో చేసే మామూలు స్పాంజ్‌నే తీసుకుందాం. పాలు, నీళ్లు వేరే పోయరు కాబట్టి అందులో ఉన్న నీరంతా దాదాపు గుడ్లదే, సుమారు 150 గ్రాములు. పల్చటి పిండి కావడంతో ఓవెన్‌లో అదీ త్వరగా ఆవిరైపోతుంది. 200 డిగ్రీల వేడిలో పది నిమిషాలు దాటకముందే చూడాలి. వేలితో నొక్కితే పైకి లేచి, అంచులు ట్రే నుంచి కాస్త విడివడితే చాలు. ముదురు గోధుమరంగు వచ్చేదాకా ఆగితే పైపొర అప్పడమే! తీపి తక్కువ చేద్దామని పంచదార బాగా తగ్గించినా నష్టమే, తేమను పట్టి ఉంచేది అదే.

చల్లారేకొద్దీ మైదాలోని పిండిపదార్థం బిగుసుకుంటుంది. బల్లపరుపుగా చల్లారిన స్పాంజ్ బల్లపరుపుగానే గట్టిపడి, తర్వాత చుట్టబోతే ఎదురు తిరుగుతుంది. కాబట్టి వేడిగా ఉండగానే పంచదార పొడి చల్లిన కాగితంమీద బోర్లించాలి. ఎండిన అంచులు కోసేసి, చుట్టు మొదలయ్యే వైపు రెండు సెంటీమీటర్ల లోపల కత్తితో సగం లోతు గీత పెట్టి, కాగితంతో సహా చుట్టి చల్లారనివ్వాలి. క్రీమ్ రాసేది పూర్తిగా చల్లారాకే, లేకపోతే కరిగి కారిపోతుంది. రాయడానికి విప్పినప్పుడు, వంకర తిరిగిన కొసను బలవంతంగా చదును చేయకూడదు.

ఫ్రిజ్‌లో పెట్టే క్రీమ్ రోల్‌కి వెన్న కంటే సన్‌ఫ్లవర్ నూనె మేలు. వెన్న చలికి గడ్డకట్టి స్పాంజ్‌ని బిరుసు చేస్తుంది. కొబ్బరినూనెదీ అదే తంతు.

అంతా చేసినా పగిలితే? ఫ్రాన్స్‌లో క్రిస్మస్‌కి చేసే బూష్ ద నోయెల్ కూడా చుట్టిన స్పాంజే. దానిమీద చాక్లెట్ క్రీమ్ పూసి, ఫోర్కుతో చెట్టు బెరడులా గీతలు గీస్తారు. కింద ఎన్ని పగుళ్లున్నా బయటపడవు. పొడిబారిన స్పాంజ్‌కి మాత్రం క్రీమ్ రాసేముందు లోపలివైపు చల్లటి పంచదార పాకం బ్రష్‌తో పల్చగా అద్దాలి. ఎక్కువైతే నాని, ముక్కలుగా విరిగిపోతుంది.