లాగ్ కాగితం మీద ఫేజ్ మార్జిన్

ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌కు పొడవాటి కేబుల్ తగిలిస్తే, చక్కగా రావాల్సిన స్క్వేర్ వేవ్ ప్రతి అంచు దగ్గరా ఊగుతుంది. ఎందుకో బోడ్ ప్లాట్ చెబుతుంది. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెండ్రిక్ బోడ్ పేరు మీద వచ్చిన ఈ ప్లాట్‌లో పైన గెయిన్ డెసిబెల్స్‌లో, కింద ఫేజ్ డిగ్రీల్లో ఉంటాయి. అడ్డంగా ఫ్రీక్వెన్సీ లాగ్ స్కేలు మీద నడుస్తుంది. ఒక్కో గడి దాటితే పదింతలు. ఆ గడినే డెకేడ్ అంటారు.

అవుట్‌పుట్‌ను ఉన్నదున్నట్టు ఇన్‌పుట్‌కు తిప్పి ఇచ్చే సర్క్యూట్ ఒకటి తీసుకుందాం. లూప్ గెయిన్ 10 హెర్ట్జ్ దాకా 100 డెసిబెల్స్ దగ్గర చదునుగా ఉండి, ఆపైన డెకేడ్‌కు 20 చొప్పున దిగుతుంది. చదును గీతనీ వాలు గీతనీ స్కేలుతో పొడిగిస్తే అవి కలిసే చోటే కార్నర్ ఫ్రీక్వెన్సీ. అసలు వక్రరేఖ అక్కడ 3 డెసిబెల్స్ కిందుగా పోతుంది, ఫేజ్ 45 డిగ్రీలు వెనకబడుతుంది. ఈ రెండూ సరిపోలితే కార్నర్‌ను సరిగ్గా చదివినట్టే. ఇదే వాలులో పోతే గీత 1 మెగాహెర్ట్జ్ దగ్గర సున్నాను తాకాలి.

కేబుల్ లెక్క మారుస్తుంది. మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున 160 మీటర్లకు 16 నానోఫారడ్లు. ఆప్-ఆంప్ లోపలి 100 ఓమ్‌లతో కలిసి అది 100 కిలోహెర్ట్జ్ దగ్గర రెండో కార్నర్ పెడుతుంది. అప్పటికి గెయిన్ 20 డెసిబెల్స్‌కు దిగింది. ఇక్కడి నుంచి వాలు డెకేడ్‌కు 40, కాబట్టి సగం డెకేడ్‌లో సున్నా.

చాలామంది తడబడేది ఇక్కడే. 100కీ 1000కీ మధ్య సగం అనగానే 550 అని చదివేస్తారు. లాగ్ స్కేలు మీద సగం దూరమంటే పదికి వర్గమూలమంత రెట్టింపు, అంటే 316 కిలోహెర్ట్జ్.

సున్నా డెసిబెల్స్ దాటిన ఆ చోటు నుంచి నిలువుగా ఫేజ్ గీత మీదికి దిగాలి. మొదటి కార్నర్ ఎప్పుడో 90 డిగ్రీలు తినేసింది, రెండోది సుమారు 72. మొత్తం 162. ఇక 180కి మిగిలిన 18 డిగ్రీలే ఫేజ్ మార్జిన్. పూర్తిగా 180 వెనకబడితే తగ్గించాల్సిన ఫీడ్‌బ్యాక్ పెంచేదిగా మారి, సర్క్యూట్ తనంతట తానే డోలనం మొదలెడుతుంది. 18 డిగ్రీలుంటే డోలనం రాదు గానీ, ప్రతి అంచు దగ్గరా ఊపు చాలాసేపు ఉంటుంది. సాధారణంగా 45కు తగ్గకుండా, వీలైతే 60 ఉండేలా చూస్తారు.

ఫీడ్‌బ్యాక్ తీసుకునే చోటు దాటాక, కేబుల్‌కు ముందు 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 300 కిలోహెర్ట్జ్ దగ్గర గీత పైవైపుకు మళ్లే మూల ఒకటి వస్తుంది. అది ఫేజ్‌ను వెనక్కి తెచ్చి మార్జిన్‌ను దాదాపు 60 డిగ్రీలు చేస్తుంది. ఈ మూల సున్నా దాటే చోటుకు బాగా దగ్గర గనుక ఇక్కడ స్కేలు గీతల్ని నమ్మకూడదు, అసలు వక్రరేఖనే చూడాలి. రెసిస్టర్‌కూ ఖరీదు ఉంది: కేబుల్ అవతల 1 కిలోఓమ్ లోడ్ ఉంటే సిగ్నల్‌లో సుమారు 3 శాతం అందులోనే పోతుంది.