మేనత్త దగ్గు, మందుల డబ్బాలో దొరికింది

మా మేనత్తకు మూడు నెలలుగా ఒకటే దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. రాత్రి పక్క మీద వాలితే చాలు, గొంతులో ఈక పెట్టి తిప్పినట్టు గరగర. కరక్కాయ బుగ్గన పెట్టుకుంది, మిరియాల పాలు తాగింది, రెండు సీసాల దగ్గు మందు ఖాళీ చేసింది. ఎక్స్‌రే కూడా బాగానే ఉంది.

"ఇంకెక్కడ చూపించుకోమంటావురా?" అంది ఫోన్‌లో. మందుల డబ్బా తీసి పేర్లు చదవమన్నాను. రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు. మొదలుపెట్టి నాలుగు నెలలు.

రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్... పేరు చివర 'ప్రిల్' ఉన్న ఈ బీపీ మాత్రలన్నీ ఏసీఈ అనే ఎంజైమును ఆపుతాయి. ఆ ఎంజైము రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేస్తుంది కాబట్టి, దాన్ని ఆపితే బీపీ తగ్గుతుంది. కానీ దానికి ఇంకో పని కూడా ఉంది. బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేదీ అదే. ఆ పని ఆగితే బ్రాడికైనిన్ పేరుకుపోయి గొంతులోని, శ్వాసనాళాల్లోని నరాలను గిలిపెడుతుందని వైద్యులు చెబుతారు. తమాషా ఏమిటంటే ఈ మందుల కథ మొదలైందే బ్రాడికైనిన్‌తో. 1960లలో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా అక్కడి జరారాకా పాము విషంలో, బ్రాడికైనిన్ ప్రభావాన్ని పెంచే గుణం కనిపెట్టాడు. ఆ దారిలోనే ఈ జాతి తొలి మాత్ర కాప్టోప్రిల్ పుట్టింది.

ఈ దగ్గు అందరికీ రాదు. మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ. మందు మొదలుపెట్టిన కొన్ని గంటల్లోనూ రావచ్చు, నెలలు గడిచాకా రావచ్చు. అందుకే మాత్ర మీదకు అనుమానం పోదు. దగ్గు మందుకు ఇది లొంగదు. ఒక ప్రిల్ మాని ఇంకో ప్రిల్ వేసుకున్నా మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ.

మాత్ర తనంతట తాను మానేయవద్దని అత్తకు గట్టిగా చెప్పాను. బీపీ ఎగబాకుతుంది, గుండె జబ్బుకు వాడేవాళ్లకైతే ఇంకా ప్రమాదం. పైగా ప్రతి దగ్గూ మాత్ర వల్లే కాదు. రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించాలి. ఆయాసం, కాళ్ల వాపు తోడైతే గుండెను చూడాలి. పెదవులో నాలుకో వాచిందంటే మాత్రం ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

అత్త డాక్టరు గుండె, ఊపిరితిత్తులు మరోసారి పరీక్షించి, రామిప్రిల్ ఆపి మర్నాటి నుంచి టెల్మిసార్టాన్ 40 రాశారు. లోసార్టాన్ వంటి 'సార్టాన్'లు ఎంజైము జోలికి పోవు. అది తయారుచేసిన పదార్థం రక్తనాళానికి తగులుకునే చోటును మూసేస్తాయి. బ్రాడికైనిన్ విరిగే పని మామూలుగానే సాగుతుంది. రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నారు. ఎందుకంటే సార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచగలదు. గర్భిణులకు ప్రిల్ అయినా సార్టాన్ అయినా పనికిరాదు.

వారం తర్వాత అత్త ఫోన్ చేసి, "తగ్గలేదురా, నీ మాట నమ్మాను చూడు" అని తిట్టింది. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలు కూడా. మూడో వారంలో ఒక రాత్రి దగ్గకుండా నిద్రపోయింది. ఇప్పుడు ఆమె మందుల చీటీ పైన ఎర్ర సిరాతో రాసి ఉంటుంది: 'ప్రిల్ పడదు, దగ్గు'.