ఫిల్మ్‌నగర్ జంటమాటలు: ‘నాటు నాటు’ నుంచి ‘మొట్టమొదటి’ దాకా

ప్రపంచం నోట ఎక్కువగా నానిన జంట

2023 మార్చిలో లాస్ ఏంజెలెస్ వేదిక మీద ‘ఆర్ఆర్ఆర్’ పాటకు ఆస్కార్ ప్రకటించినప్పుడు, తెలుగు రాని కోట్లమంది ఒక తెలుగు మాటను రెండేసిసార్లు పలికారు. చంద్రబోస్ రాసి, కీరవాణి స్వరపరచిన ‘నాటు నాటు’, భారతీయ సినిమా నుంచి ఒరిజినల్ సాంగ్ విభాగంలో గెలిచిన మొట్టమొదటి పాట. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వీధుల్లో ఆ వారమంతా టపాసులు, కేకులు. భాషను గమనించేవాళ్లకు మాత్రం ఈ పాట డబ్బింగులే అసలు వింత.

హిందీలో పాట పేరు ‘నాచో నాచో’. తమిళంలో ‘నాట్టు కూత్తు’, కన్నడంలో ‘హళ్ళి నాటు’, మలయాళంలో ‘కరింతోళ్’. నాలుగింటిలో ఒక్క హిందీయే జంటను నిలబెట్టుకుంది, అదీ వేరే మాటతో, వేరే అర్థంతో: అక్కడ జంట అయింది ‘ఆడండి’ అనే క్రియ. తమిళం, కన్నడం పక్కన ఇంకో మాట తెచ్చి పెట్టుకున్నాయి. మలయాళం ఒంటిమాటతో సరిపెట్టింది.

ఇంతకీ ‘నాటు నాటు’ నిజంగా జంటమాటేనా? నా లెక్కలో కాదు, అది మాటను మళ్ళీ అనడం. తేడా పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. మూడోసారి, నాలుగోసారి అంటే అర్థం మారుతుందా? ‘నాటు’కు మారదు, ఊపు పెరుగుతుంది, అంతే. పాటలోనూ ఆ మాట రెండుసార్లతో ఆగదు. రెండో ప్రశ్న, ఒంటిమాటకు లేని కొత్త అర్థం జంటకు వచ్చిందా? ఇక్కడ రాలేదు. ఈ పరీక్షకు నిలిచే జంటలు అదే ఫిల్మ్‌నగర్‌లో బోలెడున్నాయి.

ఒంటరిగా బతకని సగం

అవసరాల శ్రీనివాస్ దర్శకత్వంలో 2014లో వచ్చిన ‘ఊహలు గుసగుసలాడే’ పేరు చూడండి. ‘గుసగుస’ ఉంది, ‘గుస’ లేదు. ఇక్కడ కాపీ కళ్ళముందుంది, అసలు మాత్రం భాషలో ఎక్కడా లేదు. బహువచనం చేస్తే ‘గుసగుసలు’ అంటాం, ‘లు’ ఒక్కసారే, చివరనే వస్తుంది. రెండు ముక్కలూ కలిసి ఒక్క మాటయ్యాయనడానికి అదే రుజువు.

సౌండ్ ఎఫెక్ట్స్ గదిలో ఈ వ్యవస్థ ఇంకా తేటగా కనిపిస్తుంది. తెరమీద అమ్మాయి కాలు ఒక్కసారి కదిపితే అందె ‘గల్లు’మంటుంది. నడిచి వెళ్తే ‘గలగల’మంటుంది. తలుపు ఒక్కసారి కదిలితే కిర్రుమంటుంది, అటూ ఇటూ ఊగుతూంటే కిరకిరమంటుంది. వాన తొలిచుక్క రేకు మీద టప్పున పడుతుంది, ఆ తర్వాత టపటపా కురుస్తుంది. ఒక్క చప్పుడుకు హల్లును ఒత్తి పలుకుతాం. అదే చప్పుడు సాగుతూంటే ఒత్తు తీసేసి మాటను జంట చేస్తాం. వ్యాకరణం పేరు కూడా వినని పిల్లలు సైతం ఇందులో తప్పుపోరు.

చిన్న పాత్ర, చిన్న చిన్న పాత్రలు

అవకాశాల కోసం కృష్ణానగర్ గదుల్లో ఉండే నటుడు ‘చిన్న పాత్ర వచ్చింది’ అంటే ఒకటి. ‘చిన్న చిన్న పాత్రలు వేస్తున్నా’ అంటే చాలా. ‘చిన్న చిన్న పాత్ర వచ్చింది’ అని మాత్రం అనడు. విశేషణాన్ని మాట మొత్తంగా కాపీ చేస్తే ఇక్కడ లెక్క పెరుగుతోంది, గుణం కాదు. కానీ ‘వేడి వేడి దోసె’ ఒక్కటే ఉండొచ్చు, అక్కడ పెరిగింది వేడి. ‘పుల్లపుల్లగా ఉంది’ అంటే పులుపు హద్దులో ఉందని, నాలుకకు బాగుందని. ఒకే పనిముట్టు ఒకచోట సంఖ్యను, ఒకచోట తీవ్రతను, ఒకచోట తేలికను ఇస్తోంది. ఏది ఎప్పుడన్నది ఆ మాటను బట్టే తెలుస్తుంది.

నిండు కాపీని బహువచనానికి వాడటంలో ఇండోనేషియా భాషది పెద్ద పేరు. అక్కడ ‘బుకు’ అంటే పుస్తకం, ‘బుకు-బుకు’ అంటే పుస్తకాలు. 1972లో రాత పద్ధతిని సంస్కరించేదాకా రెండోసారి రాయడం మానేసి పక్కన 2 అంకె వేసేవారు. అయితే కొన్ని జంటలు లెక్కను వదిలి ఎటో వెళ్ళిపోయాయి. ‘మాత’ అంటే కన్ను, ‘మాత-మాత’ అంటే గూఢచారి. ‘హాతి’ అంటే మనసు, ‘హాతి-హాతి’ అంటే జాగ్రత్త!

కొసలకే అతుక్కునే ‘ట్ట’

రికార్డుల శీర్షికలు రాసేవాళ్ళం ‘మొట్టమొదటి’ అనకుండా ఒక్క పేరా గడపలేం. 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ మొట్టమొదటి పూర్తి తెలుగు టాకీ అని ఎన్నిసార్లు రాసి ఉంటామో. ఆ ‘మొట్ట’ ఎక్కడిది?

‘మొదట’ను రెండుసార్లు అనబోయి, ముందువైపు కాపీని మొదటి అక్షరం దగ్గరే ఆపేశాం. మిగిలిన భాగమంతా పోయి, దాని చోట ‘ట్ట’ వచ్చింది. చివర ఇలాగే చిట్టచివర అయింది, నడుమ నట్టనడుమ అయింది, తుద తుట్టతుద, కడ కట్టకడ, బయలు బట్టబయలు, పగలు పట్టపగలు. హల్లు లేకుండా అచ్చుతో మొదలయ్యే ‘అడుగు’ కూడా తప్పించుకోలేదు, ‘అట్టడుగు’ అయింది. చిన్నయసూరి 1858లో వెలువరించిన ‘బాలవ్యాకరణం’లో దీనికి సూత్రం కట్టాడు. బడిలో మనం నేర్చుకునే ద్విరుక్తటకార సంధి ఇదే. రెండోసారి పలికిన మాటకు ఆయన వాడిన ‘ఆమ్రేడితం’ అన్న పేరు పాణిని నాటిది.

సంధి అని నేర్పడం వల్ల పిల్లలు దీన్ని రెండు మాటల అతుకుగా చూసి వదిలేస్తారు. నాకు ఇది ఎప్పుడూ మాట పుట్టుకగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఇది అన్ని మాటలకూ అంటదు. ‘సట్టసగం’ అనం, ‘పాట’కూ ‘ఆట’కూ ‘ట్ట’ రాదు. వచ్చిన మాటలన్నీ పక్కపక్కన పెడితే వాటి పోలిక తెలుస్తుంది. మొదలు, చివర, నడుమ, అడుగు, ఎదురు, కొన... దాదాపు అన్నీ స్థలంలోనో కాలంలోనో ఒక హద్దును, ఒక బిందువును చూపేవి. ‘ట్ట’ ఆ బిందువును ఇంకా సన్నగా చెక్కుతుంది. ‘చివర కూర్చున్నాడు’ అంటే ఆఖరి రెండు మూడు వరుసల్లో ఎక్కడైనా కావచ్చు, ‘చిట్టచివర కూర్చున్నాడు’ అంటే ఆఖరి కుర్చీయే.

మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. ‘నట్టిల్లు’ చూడటానికి ఇదే కుటుంబంలా ఉంటుంది, కానీ అది నడు, ఇల్లు కలిసి ఏర్పడింది. అందులో ఇల్లు రెండుసార్లు లేదు. ‘మిట్టమధ్యాహ్నం’ ఇంకో చిక్కు: నిజంగా కాపీయే అయితే మొదటి అక్షరం ‘మ’ కావాలి, ‘మి’ ఎందుకొచ్చింది? ఎత్తైన చోటును చెప్పే ‘మిట్ట’ తెలుగులో విడిగా ఉంది కాబట్టి దీన్ని కాపీల జాబితాలో నేను వేయను. పరీక్ష తేలికే: ‘ట్ట’కు ముందున్న అక్షరం అసలు మాట మొదటి అక్షరంతో అచ్చుతో సహా కలవాలి.

ఈ పద్ధతికి అచ్చం కవలలాంటిది తుర్కీ భాషలో ఉంది. తెలుపు ‘బెయాజ్’, తెల్లటి తెలుపు ‘బెంబెయాజ్’. నీలం ‘మావి’, ముదురు నీలం ‘మస్‌మావి’. శుభ్రం ‘తెమిజ్’, తళతళలాడే శుభ్రం ‘తెర్‌తెమిజ్’. వాళ్ళూ మాట మొదటి ముక్కనే కాపీ చేసి, దాని వెనక ఒక హల్లు తగిలిస్తారు. మనకు ‘ట్ట’ ఒక్కటే, వాళ్ళకు ‘మ్, ప్, ర్, స్’ నాలుగున్నాయి. మనం హద్దులకు వాడితే వాళ్ళు ఎక్కువగా రంగులకూ గుణాలకూ వాడతారు. ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు.

గిటార్ దగ్గర ఆగిపోయే ‘గి’

‘కథా లేదు గిథా లేదు, హీరో డేట్లు మాత్రం ఉన్నాయి’ అన్న మాట ప్రొడక్షన్ ఆఫీసుల్లో వింతేమీ కాదు. మాట మొదటి అక్షరం తీసేసి, అచ్చు పొట్టిదైతే ‘గి’, పొడుగుదైతే ‘గీ’ పెడతాం: సెట్టు గిట్టు, డేట్లు గీట్లు, పాట గీట. ఇంగ్లీషు మాటలకూ మినహాయింపు లేదు. ‘స్క్రిప్ట్’లో ముందున్న మూడు హల్లులూ మూకుమ్మడిగా పోయి ‘గిప్ట్’ అవుతుంది, ‘గ్రాఫిక్స్’ ‘గీఫిక్స్’ అవుతుంది. ‘అలాంటివన్నీ’ అనే అర్థం కొంత, లెక్కచేయనితనం కొంత.

ఇక్కడ మాట ప్రత్యయంతో సహా కాపీ అవుతుంది: ‘కారులోనో గీరులోనో ఉంటాడు’. క్రియలనూ వదలదు: ‘ఆయన వస్తే గిస్తే ముందే చెప్పన్నా’. ‘ట్ట’కు గుప్పెడు మాటలే దొరికితే ‘గి’కి నిఘంటువంతా స్వంతం. తమిళంలో ఇదే పని ‘కి’ చేస్తుంది, హిందీ ఉర్దూల్లో ‘వ’ చేస్తుంది. అందుకే హైదరాబాదులో ‘చాయ్ వాయ్’ అనేవాళ్ళూ ‘చాయ్ గీయ్’ అనేవాళ్ళూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు.

మరి మ్యూజిక్ సిట్టింగులో ‘గిటార్’కు ఏం చేయాలి? సూత్రం ప్రకారం ‘గిటార్ గిటార్’ అవుతుంది, వినేవాళ్ళకు కాపీ అని తెలియనే తెలియదు. గిన్నెకూ ఇదే గతి. అందుకే ‘గిటార్లూ అవీ’ అని పక్కదారి పడతాం. తుర్కీ వాళ్ళకు సరిగ్గా ఇదే ఇబ్బంది ఉంది. వాళ్ళ ప్రతిధ్వని అక్షరం ‘మ’, పుస్తకం ‘కితాప్ మితాప్’. ‘మసా’ అంటే బల్ల, అది ‘మ’తోనే మొదలవుతుంది కాబట్టి జంట కుదరక ‘మసా ఫలాన్’ అంటారు. ఆ ఫలాన్, మన ఫలానా ఒకే అరబీ మాట నుంచి వచ్చినవి.

ఎదురుబొదురు

ఒకే రకం కాపీ వేర్వేరు భాషల్లో ఎదురెదురు పనులూ చేస్తుంది. మొదటి అక్షరాన్ని కాపీ చేసి సంస్కృతం జరిగిపోయిన పనిని చెప్పింది: ‘చకార’ అంటే చేశాడు. ఫిలిప్పీన్స్ తగలోగ్ అదే కాపీతో జరగబోయే పనిని చెబుతుంది: ‘సులత్’ రాత, ‘సుసులత్’ రాస్తాడు. తైవాన్‌లో మాట్లాడే మిన్ భాషలో ‘ఆంగ్’ ఎరుపు. రెండుసార్లంటే ఎరుపు తగ్గి ఎర్రగా ఉన్నట్టుంది అనే అర్థం, మూడుసార్లంటే కణకణలాడే ఎరుపు.

ఖాళీగా ఉన్న గడి

కార్ల్ రుబినో అనే భాషావేత్త 368 భాషల్ని ఈ కాపీల లెక్కన వర్గీకరించాడు. నిండు కాపీ, సగం కాపీ రెండూ ఉన్నవి 278. నిండు కాపీ ఒక్కటే ఉన్నవి 35. భాషలో చురుగ్గా పనిచేసే కాపీ ఏదీ లేనివి 55. ఇంగ్లీషు ఈ చివరి గుంపులోనే ఉంది. కూడిక చేస్తే 368 పూర్తయిపోతాయి. సగం కాపీ మాత్రమే ఉండి నిండు కాపీ లేని భాషకు ఆ లెక్కలో ఒక్క ఉదాహరణ కూడా లేదు.