మూడేళ్ల తర్వాతి పెళ్లికి నెలకు ఎంత కట్టాలి?

అమ్మాయి పెళ్లికి ఎంతవుతుందని అడిగితే మన ఇళ్లల్లో చాలామంది ఒక్క అంకె చెప్పేస్తారు. ఎనిమిది లక్షలో, పదిహేను లక్షలో. ఆ అంకె ఎక్కడిదంటే, కిందటేడు బంధువుల ఇంట్లో జరిగిన పెళ్లిదో, ఎవరో చెప్పగా విన్నదో అయి ఉంటుంది. అది ఈనాటి ధర. పెళ్లి మాత్రం మూడేళ్ల తర్వాత. ఈ తేడాను ముందే లెక్కగట్టి, నెలనెలా కొంత పక్కన పెట్టి, సరిగ్గా అవసరం వచ్చే రోజుకు మొత్తం చేతికందేలా చేసే ఏర్పాటే సింకింగ్ ఫండ్. అప్పు తీర్చే గడువు కోసం కంపెనీలు చేసేదీ, పెద్ద రిపేర్ల కోసం అపార్ట్‌మెంట్ సంఘాలు చేసేదీ ఇదే. ఇంటి ఖర్చుకు దీన్ని నడపడానికి మనకు అందుబాటులో ఉన్న తేలికైన సాధనం బ్యాంకు రికరింగ్ డిపాజిట్, అంటే ఆర్‌డీ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏలూరు వైపు ఒక కుటుంబం అనుకోండి. భర్తకు చిన్న ఎలక్ట్రికల్ షాపు, భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. అమ్మాయి ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేస్తానంటోంది కాబట్టి పెళ్లికి మూడేళ్లు టైముంది. వీళ్లు ముందుగా బంగారాన్ని పక్కన పెట్టి, మిగతా ఖర్చును ఈనాటి రేట్లతో కాగితం మీద రాశారు. కల్యాణ మండపానికి లక్షా ఇరవై వేలు. ఐదొందల మందికి, రెండు పూటలా కలిపి తలకు 600 చొప్పున భోజనాలకు మూడు లక్షలు. పట్టుచీరలు, పెట్టుబడి బట్టలు లక్షన్నర. డెకరేషన్, మేళం, ఫొటో, వీడియో కలిపి లక్షా అరవై వేలు. పురోహితుడు, శుభలేఖలు, బస్సులు, ఇతర చిల్లర ఖర్చులకు డెబ్బై వేలు. అంతా కూడితే ఎనిమిది లక్షలు.

ఇప్పుడు దీన్ని మూడేళ్లు ముందుకు జరపాలి. ఏటా 7 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే ఈ ఎనిమిది లక్షలు 9 లక్షల 80 వేలవుతాయి. 7 శాతమే ఎందుకంటే దానికి పక్కా శాస్త్రమేమీ లేదు. పప్పులు, నూనెలు ఒకలా పెరుగుతాయి, ఫొటోగ్రాఫర్ రేటు ఇంకోలా పెరుగుతుంది. మండపం అద్దె మరీ వేరు. ఆషాఢం, మూఢాలు తీసేస్తే మంచి ముహూర్తాలు కొద్ది రోజుల్లోనే కుక్కుకుని ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో మండపం వాళ్లు చెప్పిందే రేటు. తక్కువ వేసుకుని చివర్లో తడుముకునే కంటే కాస్త ఎక్కువ వేసుకోవడమే నయం.

వీళ్ల దగ్గర ఇప్పటికే లక్షన్నర ఉంది. దాన్ని 6.5 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు. అయితే మూడేళ్లకు కాదు, రెండున్నరేళ్లకు. కారణం తర్వాత చెబుతాను. అప్పటికి అది లక్షా 76 వేలవుతుంది. మొత్తం 9 లక్షల 80 వేలలోంచి ఇది తీసేస్తే మిగిలేది 8 లక్షల 4 వేలు. ఆర్‌డీ మోయాల్సిన బరువు ఇదీ.

మన బ్యాంకులు ఆర్‌డీ మీద వడ్డీని మూడు నెలలకోసారి అసలుకు కలుపుతాయి. ఆ లెక్కన 6.5 శాతం వడ్డీకి నెలకు వెయ్యి చొప్పున 36 నెలలు కడితే చివర్లో 39,824 రూపాయలు వస్తాయి. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతాదంతా భాగహారమే. కావలసిన 8,04,000ను 39,824తో భాగిస్తే సుమారు 20.19. అంటే నెలకు 20,200 రూపాయలు. మూడేళ్లలో వీళ్లు కట్టేది 7,27,200, చేతికొచ్చేది సుమారు 8,04,450. వడ్డీగా కలిసొచ్చింది 77 వేల పైచిలుకు.

ఈ వడ్డీ అంకెను కొంచెం నిదానంగా చూడాలి. మూడేళ్లు కష్టపడి కడితే కలిసొచ్చింది మొత్తంలో పదో వంతు కూడా కాదు. ఎందుకంటే మొదటి నెల వాయిదా మాత్రమే మూడేళ్లూ వడ్డీ సంపాదిస్తుంది, చివరి వాయిదాకు దక్కేది ఒక్క నెల వడ్డీనే. అదే వెయ్యి రూపాయల వాయిదా 6 శాతానికి 39,514, 7 శాతానికి 40,137 అవుతుంది. అంటే అర శాతం ఎక్కువిచ్చే బ్యాంకు కోసం ఊరంతా తిరిగితే, ఇరవై వేల వాయిదా మీద మూడేళ్లకు మిగిలేది ఆరు వేల పైన కొంత. ఒప్పుకుంటాను, ఆరు వేలు ఊరికే రావు. కానీ మొదలుపెట్టడం ఆలస్యమైతే పోయేది ఇంతకంటే చాలా పెద్దది. ఇదే కుటుంబం ఒక ఏడాది ఆగి, 24 నెలల్లో అదే మొత్తం పోగుచేయాలంటే నెలకు 31,300 కట్టాలి. నెలకు పదకొండు వేలు అదనం. ఆ ఇంటి బడ్జెట్‌కు అది మోయలేని భారమే.

పోస్టాఫీసు ఆర్‌డీ గురించి ఇక్కడ ఒక హెచ్చరిక. దాని వడ్డీ రేటు చూసి చాలామంది అటే వెళతారు. కానీ అది ఐదేళ్ల ఖాతా. మూడేళ్లు నిండాకే మధ్యలో మూసేయనిస్తారు, అలా మూసేస్తే ఆర్‌డీ రేటు కాకుండా పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా వడ్డీ, అంటే 4 శాతం లెక్కన ఇస్తారు. మన 20,200 వాయిదా మీద 77 వేలు రావాల్సిన చోట 45 వేల చుట్టుపక్కలే వస్తుంది. ఐదేళ్ల అవసరానికి మంచి పథకం, మూడేళ్ల పెళ్లికి మాత్రం కుదరదు.

ఇక ఫిక్స్‌డ్ డిపాజిట్ రెండున్నరేళ్లకే ఎందుకన్నది. పెళ్లి ఖర్చు పెళ్లినాడే రాదు. మండపానికి అడ్వాన్సు నెలల ముందే కట్టాలి, క్యాటరింగ్ వాళ్లకూ ఫొటోగ్రాఫర్‌కూ బయానా ఇవ్వాలి, పట్టుచీరలకు మగ్గం దగ్గరికో షాపుకో ముందే వెళ్లాలి. ఆర్‌డీ మెచ్యూరిటీ పెళ్లి నెలలోనే పెట్టుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. డబ్బు ఉంటుంది గానీ చేతికి రాదు. అడ్వాన్సుల కోసం చేబదులు తెస్తారు, లేదంటే ఆర్‌డీని రెండు మూడు నెలల ముందు రద్దు చేసి వడ్డీ పోగొట్టుకుంటారు. ఆ లక్షా 76 వేలు ఆరు నెలల ముందు చేతికొస్తే బయానాలకు సరిపోతాయి. ఆర్‌డీ కూడా పెళ్లి అనుకున్న మాసానికి కనీసం నెల ముందు ముగిసేలా తేదీ చూసుకోవాలి. మాఘంలో పెళ్లి అనుకుంటే సంక్రాంతి నాటికి డబ్బు ఖాతాలో ఉండాలన్నమాట.

ఈ 20,200ను ఒకే ఆర్‌డీగా తెరవకుండా రెండు మూడు ముక్కలు చేసుకోవడం మంచిది. ఈ కుటుంబానికైతే భర్త పేరున ఒక బ్యాంకులో 10,200, సంపాదిస్తున్న భార్య పేరున మరో బ్యాంకులో 10,000 సరిగ్గా సరిపోతుంది. దీనివల్ల రెండు చిక్కులు తీరతాయి. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా కింద ఒక్కొక్కరికి, ఒక్కో బ్యాంకులో, అసలు వడ్డీ కలిపి 5 లక్షల వరకే రక్షణ. చిన్న సహకార బ్యాంకుల్లో దాచుకునేవాళ్లకు ఇది ముఖ్యం. మొత్తం ఒకే ఖాతాలో ఉంటే రెండో ఏడాది చివరికే ఆ హద్దు దాటుతుంది. రెండోది టీడీఎస్. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే (వయోవృద్ధులకు లక్ష) బ్యాంకు పన్ను కోస్తుంది. మూడో ఏట ఈ ఆర్‌డీ మీదే వడ్డీ 43 వేలు. అదే బ్యాంకులో ఇంకో డిపాజిట్ ఉంటే హద్దు దాటడం తేలిక. టీడీఎస్ కోయకపోయినంత మాత్రాన వడ్డీకి పన్ను లేదని కాదు, ఆదాయంలో చూపించాల్సిందే.

షాపు ఆదాయం అన్ని నెలలూ ఒకేలా ఉండదు. వాయిదా ఆలస్యమైతే బ్యాంకులు జరిమానా వేస్తాయి. నూటికి నెలకు రూపాయిన్నర లెక్కన వేసే చోట పది వేల వాయిదాకు 150 పోతుంది. వరుసగా కొన్ని నెలలు కట్టకపోతే ఖాతానే మూసేస్తారు. ఇప్పుడు 20,200 భారమనిపిస్తే 16,000తో మొదలుపెట్టి, రెండో ఏడాది మొదట్లో 24 నెలలకు మరో 6,500 ఆర్‌డీ కలపవచ్చు. చివరికి అదే మొత్తం వస్తుంది. మామూలు ఆర్‌డీలో వాయిదాను మధ్యలో పెంచనివ్వరు కాబట్టి పెంచాలంటే ఇలా కొత్తది తెరవడమే దారి. ఏటా ఒకసారి మండపం రేటు, ప్లేటు భోజనం రేటు కనుక్కుని, మన 7 శాతం అంచనా దాటితే తగ్గిన మేరకు ఇలాగే ఇంకో చిన్న ఆర్‌డీ వేసుకోవచ్చు.

బంగారాన్ని మొదట్లోనే పక్కన పెట్టడానికి కారణం ఉంది. 2022లో 24 క్యారెట్ల పది గ్రాములు యాభై వేల చుట్టుపక్కల ఉండేది, 2025 ఏప్రిల్‌లో లక్షను తాకింది. ఇలాంటి పరుగును ఆరున్నర శాతం ఆర్‌డీతో అందుకోలేం. బంగారానికి రూపాయల్లో కాకుండా గ్రాముల్లో లక్ష్యం పెట్టుకుని, ఇప్పటినుంచే కొద్దికొద్దిగా కొనడమో, గోల్డ్ ఈటీఎఫ్‌లో వేయడమో చేయాలి. నగల షాపుల స్కీములు చాలావరకు పదకొండు నెలలకే ముగుస్తాయి. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లో సరుకుగా ఇవ్వకపోతే అది కంపెనీల చట్టం కింద డిపాజిట్ అవుతుంది కాబట్టి అలా పెట్టారు. ఆ డబ్బుకు బ్యాంకు డిపాజిట్‌కున్న బీమా ఉండదని మాత్రం మరిచిపోకూడదు.

చివరగా, మంచి సంబంధం మూడేళ్లు ఆగదు. రెండేళ్లకే కుదిరిందనుకోండి. అప్పటికి ఆర్‌డీల్లో సుమారు 5 లక్షల 19 వేలుంటాయి, ఫిక్స్‌డ్ డిపాజిట్ లక్షా 70 వేలు దాటి ఉంటుంది. ఖర్చు మాత్రం రెండేళ్ల పెరుగుదలతో 9 లక్షల 16 వేలు. అంటే సుమారు 2 లక్షల 26 వేల లోటు. మధ్యలో రద్దు చేస్తే, డబ్బు ఉన్న కాలానికి వర్తించే రేటులోంచి అర శాతమో ఒక శాతమో కోత వేస్తారు కాబట్టి లోటు ఇంకొంచెం పెరుగుతుంది. అందుకే రెండు ఆర్‌డీలనూ ఒకేసారి రద్దు చేయక్కర్లేదు. ఒకటి మూసేసి, రెండోదాని మీద బ్యాంకులోనే అప్పు తీసుకోవచ్చు. చాలా బ్యాంకులు అందులో ఉన్న సొమ్ములో 90 శాతం వరకు, ఆర్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తాయి. అయితే ఈ అప్పు ఇప్పటికే ఉన్న డబ్బును ముందుగా చేతికిస్తుందే తప్ప లోటును పూడ్చదు. దానికి వేరే దారి చూసుకోవాలి, లేదా ఐదొందల భోజనాల్లో నూటయాభై తగ్గించాలి. ఒక్కో భోజనం అప్పటికి 687 అవుతుంది కాబట్టి లక్ష దాకా దిగొస్తుంది.